టైటిల్ ట్యాగ్, ప్రధాన శీర్షిక

ఒక హెచ్‌టీఎంఎల్ పేజీకి రెండు పేర్లుంటాయి. మొదటిది టైటిల్ ట్యాగ్. దీన్ని కోడ్ తలభాగమైన `<head>` లోపల, `<title>` గుర్తుల మధ్య రాస్తారు. ఇది పేజీలో ఎక్కడా కనిపించదు. బ్రౌజర్ ట్యాబ్ మీద, బుక్‌మార్కుల్లో, చూసిన పేజీల చిట్టాలో, గూగుల్ ఫలితాల్లో కనిపిస్తుంది. రెండోది ప్రధాన శీర్షిక. `<h1>` గుర్తులతో రాసే ఈ పెద్దక్షరాల పేరు పేజీలోనే, సాధారణంగా వ్యాసం మొదట్లో ఉంటుంది.

ఇంట్లో 'చిన్నోడా' అని పిలిస్తే ఎవరిని పిలిచారో అందరికీ తెలుసు. బడి రిజిస్టరులో మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉండాలి. పేజీ పేర్లూ అంతే. ప్రధాన శీర్షికను చదివేవారు పేజీలోకి వచ్చేశారు; పైన లోగో, పక్కన మెనూ వారికి కనిపిస్తూనే ఉంటాయి. టైటిల్‌ను చదివేవారి ముందు అవేవీ ఉండవు, ఆ ఒక్క వాక్యమే ఉంటుంది. ఈ తేడా వల్లే రెండు పేర్లూ వేరుగా ఉండవచ్చు.

హెచ్‌టీఎంఎల్ ప్రమాణ పత్రం కూడా ఇదే చెబుతుంది. అందులోని ఉదాహరణ తేనెటీగల గురించినది: శీర్షిక 'పరిచయం' అని ఊరుకున్నా, టైటిల్ మాత్రం అది తేనెటీగల జతకూడే పద్ధతులకు పరిచయమని విప్పి చెప్పాలి. ఇది కొత్త నియమమేమీ కాదు. ఉత్త 'పరిచయం' అనే టైటిల్ బయట అర్థం కాదన్న హెచ్చరిక 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 పత్రంలోనే ఉంది.

కొండపల్లి బొమ్మల మీద నాలుగు పేజీలు తయారుచేస్తున్నారనుకుందాం. మెనూలో చరిత్ర, తయారీ, రంగులు, ధరలు అని ఉంటాయి. తయారీ పేజీలో పొణికి చెక్కను చెక్కడం, విడి భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం వివరిస్తారు. లోపలున్నవారికి 'తయారీ' అన్న ఒక్క మాట చాలు. అదే మాట టైటిల్‌గానూ ఉంటే, నెల తర్వాత బుక్‌మార్కులు తెరిచినవారికి అది ఏ తయారీయో తెలియదు. కాబట్టి ఇలా రాయడం మేలు:

```html
<title>కొండపల్లి బొమ్మల తయారీ: పొణికి చెక్క, మక్కు</title>

<h1>తయారీ</h1>
```

సంస్థ పేరు చేర్చాలంటే చివరన చేర్చడం మంచిది. పది ట్యాబులు తెరిచి ఉన్నప్పుడు ఒక్కోదానిలో మొదటి కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. అన్నీ సంస్థ పేరుతోనే మొదలైతే ఏది ఏదో గుర్తుపట్టలేం. తెలుగు వికీపీడియా ఈ వరసే పాటిస్తుంది: పేజీలో వ్యాసం పేరు మాత్రమే ఉంటుంది, ట్యాబ్‌లో దాని వెనక '- వికీపీడియా' చేరుతుంది.

నిడివి విషయంలో తెలుగువారు ఒక సంగతి గమనించాలి. గూగుల్ ఫలితాల్లో టైటిల్ తెగేది అక్షరాల లెక్కను బట్టి కాదు, తెర మీద అది పట్టే వెడల్పును బట్టి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. ఇంగ్లీషు కోసం చేసిన లెక్కింపు పెట్టె దాన్ని ఆరుగా చూపి అకారణంగా ఎరుపెక్కవచ్చు. ఆ అంకెను నమ్మి మంచి టైటిల్‌ను కత్తిరించడం కంటే, ముఖ్యమైన మాటను ముందుకు తేవడమే సరైన పని.

మాటలు వేరైనా విషయం ఒక్కటే కావాలి. ఎక్కువగా తప్పు జరిగేది పాత పేజీని నకలు చేసి కొత్తది రాసేటప్పుడు. శీర్షిక కళ్లెదుట ఉంటుంది కనుక మారుస్తారు, కనిపించని టైటిల్ పాతదే మిగిలిపోతుంది. శీర్షికలో 2025 ప్రవేశాలు, టైటిల్‌లో 2024 ప్రవేశాలు అన్నట్టు తయారవుతుంది. దీని దెబ్బ మొదట తగిలేది చూపులేనివారికి: పేజీ తెరుచుకోగానే స్క్రీన్ రీడర్ ముందుగా చదివేది టైటిల్‌నే. పాత ఏడాది వినిపించగానే వేరే పేజీకి వచ్చామనుకుని వెనక్కి వెళ్లిపోతారు.

ఇలాంటి పొంతన లేని చోట గూగుల్ తానే పేరు మార్చి చూపవచ్చు. 2021 ఆగస్టులో ఆ సంస్థ కొత్త పద్ధతి ప్రకటించింది. టైటిల్ పాతబడినా, సగం ఖాళీగా ఉన్నా, పేజీకి తగినట్టు లేకపోయినా, ప్రధాన శీర్షికనో పేజీలోని వేరే మాటలనో ఫలితాల్లో వాడుతుంది. అయితే మరుసటి నెలలో ఆ సంస్థే చెప్పిన లెక్క ప్రకారం 87 శాతం సందర్భాల్లో టైటిల్ ట్యాగ్‌నే వాడింది. అంటే అప్పట్లో రాసినవారి మాటే ఎక్కువగా నిలిచింది.

సరిచూడాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో పేజీ తెరిచి, కన్సోల్‌లో ఈ రెండు వరుసలు ఒకదాని తర్వాత ఒకటి నడిపితే చాలు:

```js
document.title
document.querySelector('h1').textContent
```

వచ్చిన రెండు పేర్లనూ పేజీ చూడని మనిషికి చదివి వినిపించాలి. శీర్షిక ఒక్కటే విని 'దేని గురించి?' అని అడిగితే తప్పులేదు. టైటిల్ విన్నాక కూడా అదే ప్రశ్న వస్తే దాన్ని తిరగరాయాలి. రెండూ రెండు వేర్వేరు పేజీల పేర్లలా వినిపిస్తే, ఏది పాతదో చూసి మార్చాలి.