తిన్నాక పావుగంట నడక: షుగర్ ఎలా తగ్గుతుంది? ఇన్సులిన్ తీసుకునేవారు ఎక్కడ జాగ్రత్త పడాలి?

షుగర్ ఉందని తెలియగానే చాలామంది మొదలుపెట్టేది మార్నింగ్ వాక్. పొద్దున్నే గంటసేపు నడుస్తారు, ఆ తర్వాత రోజంతా కూర్చునే ఉంటారు. జనగామ లాంటి పట్టణంలో షాపు నడిపేవారికి రాత్రి తొమ్మిది గంటలకు అన్నం తిని, టీవీ ముందు కూర్చుని, అక్కడి నుంచి నేరుగా పడుకోవడం అలవాటు. ఇలాంటి వారికి పరగడుపు షుగర్ ఒక మాదిరిగా ఉన్నా, తిన్నాక చేసే టెస్టులో మాత్రం 220, 250 అని వస్తుంటుంది. ఆ పెరుగుదలను తగ్గించడానికి పొద్దున నడక కన్నా తిన్న తర్వాత నడక ఎక్కువగా పనికొస్తుంది.

కారణం ఏమిటి?

అన్నం, రొట్టె ఏది తిన్నా అది గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరుతుంది. సాధారణంగా తినడం మొదలుపెట్టిన గంట నుంచి గంటన్నర మధ్యలో షుగర్ బాగా పెరుగుతుంది. ఆ సమయంలో కాళ్లు కదిలితే తొడలు, పిక్కల్లోని కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే ఈ పని చేయగలదు. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయని టైప్-2 షుగర్ వారికి అందుకే నడక మేలు చేస్తుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ పరిశోధకులు 2016లో 41 మంది టైప్-2 రోగులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. రోజులో ఎప్పుడైనా ఒకేసారి 30 నిమిషాలు నడిచినప్పటి కన్నా, మూడు పూటలా తిన్నాక 10 నిమిషాల చొప్పున నడిచినప్పుడు భోజనం తర్వాత షుగర్ పెరుగుదల సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఈ తేడా 22 శాతం. మొత్తం నడక సమయం రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. మారింది వేళ మాత్రమే.

ఎలా నడవాలి?

తిన్న 10, 15 నిమిషాలకు లేచి, 10 నుంచి 15 నిమిషాలు నడిస్తే చాలు. పక్కనున్న వారితో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. గుండె జబ్బు ఉన్నవారు కడుపు నిండా తిన్న వెంటనే వేగంగా నడవకూడదు. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, ఆయాసం వచ్చినా ఆగిపోయి డాక్టర్‌కు చూపించుకోవాలి.

బయట నడిచే వీలు లేకపోతే ఇంట్లోనే అటూ ఇటూ తిరగవచ్చు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తడం, దించడం చేయవచ్చు. షాపులో, ఆఫీసులో కూర్చునేవారు అరగంటకోసారి లేచి రెండు, మూడు నిమిషాలు తిరిగినా ఫలితం ఉంటుంది. పాదాల్లో తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం ఉన్నవారు వాకిట్లో కూడా ఒట్టి కాళ్లతో నడవొద్దు. ముల్లు గుచ్చుకున్నా వారికి తెలియదు. నడక అయ్యాక రోజూ అరికాళ్లు చూసుకోవాలి.

ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి వేరు

నడక ఒకవైపు, ఇన్సులిన్ ఒకవైపు షుగర్‌ను లాగితే అది 70 కన్నా కిందికి పడిపోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా ఇచ్చే 30/70 ఇన్సులిన్‌లో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఒకటి భోజనం వేళకు పనిచేస్తుంది. రెండోది నెమ్మదిగా మొదలై, కొన్ని గంటల తర్వాత బలంగా పనిచేస్తుంది. పొద్దున వేసుకున్నది మధ్యాహ్నం దాకా, రాత్రి వేసుకున్నది నడిజాము దాకా లాగుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 55 ఏళ్ల వ్యాపారి ఒకాయన రాత్రి 8 గంటలకు ఇన్సులిన్ వేసుకుని, ఎనిమిదిన్నరకు తింటాడు. పదిన్నరకు చూస్తే షుగర్ 230. తిన్నాక పావుగంట నడవడం మొదలుపెట్టాక అది 185 దగ్గరికి వచ్చింది. ఆ హుషారులో ఒకరోజు 45 నిమిషాలు వేగంగా నడిచాడు, డోసు మార్చలేదు. పదిన్నరకు 120 ఉంటే సంతోషంగా పడుకున్నాడు. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటతో మెలకువ వచ్చింది, షుగర్ 62. నెమ్మది రకం ఇన్సులిన్ అప్పుడే బలంగా పనిచేస్తోంది. మరోవైపు నడకలో ఖర్చయిన నిల్వలను కండరాలు రక్తంలోంచి నింపుకుంటున్నాయి. గట్టిగా వ్యాయామం చేస్తే ఈ ప్రభావం 24 గంటల దాకా ఉండొచ్చు.

ఇక్కడ తప్పు నడకది కాదు. నడక ఒకేసారి మూడింతలు పెరిగింది, డోసు అలాగే ఉండిపోయింది. వారం రోజుల రీడింగులు, నడిచిన సమయం ఒక కాగితంపై రాసి డాక్టర్‌కు చూపిస్తే డోసు సరిచేస్తారు. సొంతంగా ఇన్సులిన్ మానేయకూడదు.

ఇక పని రోజులు. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరడానికి తెల్లవారే వెళ్లేవారు ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని, సద్ది చేనుకాడ తిందామని బయలుదేరితే ప్రమాదం. ఇన్సులిన్ వేసుకున్న అరగంటలో తినాల్సిందే. కూలి పని కూడా వ్యాయామమే. పని బాగా ఎక్కువగా ఉండే రోజులకు డోసు ఎంతో ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో షిఫ్టులు మారే కార్మికులకు భోజనం వేళలు మారుతుంటాయి, కాబట్టి ఒక్కో షిఫ్టుకు ఇన్సులిన్ వేళ విడిగా రాయించుకోవాలి. తోటి కార్మికుడికి తన షుగర్ సంగతి చెప్పి ఉంచాలి.

రంజాన్‌లో ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్‌కు ముందు గంటల్లో వ్యాయామం పెట్టుకోవద్దు. తరావీహ్ నమాజ్‌లో లేవడం, వంగడం కూడా వ్యాయామం కిందికే వస్తుంది.

నడకకు ముందు చూసుకోవాల్సినవి

• షుగర్ 90 కన్నా తక్కువ ఉంటే ముందు ఒక చిన్న అరటిపండో, మూడు నాలుగు బిస్కెట్లో తిని నడవాలి.
• 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, బాగా నీరసం ఉంటే నడవొద్దు, ఆసుపత్రికి వెళ్లాలి. టైప్-1 వారు 250 దాటితే కీటోన్ పరీక్ష చేసుకోవాలి.
• నడకకు ముందు తొడకు ఇన్సులిన్ వేసుకోవద్దు. కదిలే కండరం దాన్ని త్వరగా రక్తంలోకి పంపుతుంది. పొట్ట మీద వేసుకోవడం మేలు.
• ఎండలో కూడా ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి నడక ఇంట్లోనే చేయాలి.
• పడుకునే ముందు 100 కన్నా తక్కువ ఉంటే ఒక గ్లాసు పాలో, కొంచెం తిండో తీసుకోవాలి.

షుగర్ పడిపోతే

చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడటం, ఊరికే కోపం రావడం గుర్తులు. కొన్ని బీపీ మాత్రలు వాడేవారిలో దడ, వణుకు కనిపించకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. రాత్రి పడిపోతే దిండు తడవడం, పీడకలలు, పొద్దున తలనొప్పి ఉంటాయి.

వెంటనే ఆగి, మూడు టీ స్పూన్ల చక్కెర సగం గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. చాక్లెట్, పాలు అప్పుడు పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించి, 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. కోలుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు వేసుకునేవారికి కూడా ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో నడక వల్ల షుగర్ ఇలా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం జేబులో ఓ చక్కెర పొట్లం లేకుండా నడకకు బయలుదేరొద్దు.