సావిచ్ సిద్ధాంతం: నేపథ్యం, నిరూపణ, పరిమితి

భాషాశాస్త్రవేత్త ఎస్.వై. కురోడా 1964లో ప్రకటించిన పత్రం సందర్భాశ్రిత వ్యాకరణాలను ఒక యంత్రంతో ముడిపెట్టింది. పక్కనున్న వర్ణాన్ని బట్టి మార్పును అనుమతించే నియమాలు సంధి ప్రకరణం చదివినవారికి కొత్తవి కావు. అయితే సంధిలో లోపం జరగవచ్చు. ఈ వ్యాకరణాల్లో మాత్రం నియమం వర్తించినప్పుడు వరుస పొడవు తగ్గకూడదు. అందువల్ల వాక్యం ఎంత పొడవుందో దాదాపు అంత టేపుతోనే యంత్రం దానిని పరీక్షించగలదు. కానీ ఆ యంత్రం అనిర్ధారితమైనది. ఒక దశలో పలు దారులుంటే ఏదో ఒకటి ఎంచుకుంటుంది; ఏ ఒక్క దారి అంగీకార స్థితికి చేరినా వాక్యాన్ని అంగీకరించినట్టే. ప్రతి దశలోనూ ఒకే దారి ఉండే నిర్ధారిత యంత్రానికి అంతే టేపు సరిపోతుందా అన్నది అప్పటి నుంచి ఉన్న ప్రశ్న.

అన్ని ఎంపికలనూ వరుసగా ప్రయత్నించి చూడడం మొదట తోచే ఉపాయం. అది విఫలమయ్యే చోటును గుర్తిస్తేనే తరువాతి కథ అర్థమవుతుంది. s గడుల టేపు గల యంత్రం విన్యాసమంటే దాని అంతర్గత స్థితి, టేపుపై రాత, శీర్షం ఉన్న గడి, ఈ మూడూ కలిసినది. ఇటువంటి విన్యాసాల సంఖ్య s పెరిగేకొద్దీ ఘాతాంక రీతిలో పెరుగుతుంది. ప్రయాణం కూడా అంత పొడవుగా సాగవచ్చు. అడుగడుగునా ఏ దారి ఎంచుకున్నదీ గుర్తుంచుకోవాలంటే ఘాతాంక స్థలం కావలసి వస్తుంది.

వాల్టర్ సావిచ్ 1970లో ‘జర్నల్ ఆఫ్ కంప్యూటర్ అండ్ సిస్టమ్ సైన్సెస్’లో ప్రకటించిన పత్రం దారిని గుర్తుంచుకునే పనినే వదిలేసింది. విన్యాసాలను ఊళ్లుగా, ఒక్క అడుగులో జరిగే మార్పును బాటగా భావిస్తే, మిగిలే ప్రశ్న ఒక్కటే: ఆరంభ విన్యాసం నుంచి అంగీకార విన్యాసానికి నిర్ణీత అడుగులలోపు చేరగలమా? పదహారు అడుగుల్లో చేరగలిగితే, ఎనిమిదేసి అడుగుల దూరంలో నడుమ ఒక మజిలీ ఉండి తీరాలి. ఆ మజిలీ ఏదో తెలియదు కాబట్టి ప్రతి విన్యాసాన్నీ వరుసగా మజిలీగా నిలిపి, మొదటి సగం సాధ్యమా, రెండవ సగం సాధ్యమా అని అడగాలి. ఆ సగాలనూ అలాగే విభజించాలి. చివరికి ఒక్క అడుగు మిగిలినప్పుడు యంత్ర నియమాలే సమాధానం చెబుతాయి.

స్థలం ఆదా అయ్యేది రెండు సగాల నడుమనే. మొదటి సగానికి ‘అవును’ అని జవాబు వచ్చాక, దాని కోసం రాసుకున్నదంతా చెరిపివేసి, అదే స్థలంలో రెండవ సగాన్ని పరీక్షించవచ్చు. కనుక ఏ క్షణంలోనైనా మిగిలి ఉండేవి ఒక్కో అంచెకు ఒక్కో లెక్క మాత్రమే. ఒక ఉదాహరణ చూద్దాం. 4 స్థితులు, 2 గుర్తులు, 10 గడులు ఉన్న యంత్రానికి విన్యాసాలు 4 × 10 × 1024, అంటే 40,960. ఇది 2 యొక్క 16వ ఘాతం కన్నా తక్కువ కాబట్టి 16 అంచెలు చాలు. ఒక విన్యాసాన్ని రాయడానికి టేపుకు 10, శీర్షానికి 4, స్థితికి 2, మొత్తం 16 బిట్లు కావాలి. ప్రతి అంచెలో ఆది, అంతం, మజిలీ అనే మూడు విన్యాసాలతో పాటు ఏ సగంలో ఉన్నామో తెలిపే ఒక బిట్టును చేర్చితే 49. పదహారు అంచెలకు 784 బిట్లు. దారి మొత్తాన్ని రాసుకోవాలంటే 6,55,360 బిట్ల వరకు పట్టవచ్చు. అంచెల సంఖ్య s కు అనుపాతంలో ఉంటుంది, ఒక్కో అంచెకు పట్టే చోటు కూడా అంతే. రెండింటి గుణకారమే వర్గం.

చెల్లించిన మూల్యం కాలం. చెరిపిన లెక్కలను మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది. పై చిన్న యంత్రానికే, ఏ మజిలీ దగ్గరా ముందుగా ‘కాదు’ అని తేలకపోతే, ప్రశ్నల సంఖ్య 79 అంకెల వరకు పోతుంది. చెరిపిన చోటు తిరిగి దొరుకుతుంది గాని గడిచిన కాలం దొరకదు. ఈ పద్ధతి కాలపరిమితి ప్రశ్నలకు పనికిరాకపోవడానికి అదే కారణం. మరొక షరతు కూడా ఉంది: స్థలం కనీసం ఇన్‌పుట్ పొడవు సంవర్గమానమంత ఉండాలి. లేకపోతే ఇన్‌పుట్‌లో శీర్షం ఎక్కడుందో రాసుకోవడానికే చోటు చాలదు. స్థలపరిమితి ముందే తెలియనప్పుడు 1, 2, 3 అంటూ పెంచుకుంటూ పోవచ్చు.

సగాలుగా విభజించే ఆలోచన సావిచ్‌తోనే మొదలు కాలేదు. లూయిస్, స్టెర్న్స్, హార్ట్‌మానిస్‌లు 1965లో సందర్భరహిత భాషలను సంవర్గమాన వర్గ స్థలంలో గుర్తించడానికి ఇటువంటి పద్ధతినే వాడారు. దానిని వ్యాకరణం నుంచి విడదీసి, విన్యాసాల మధ్య గమనంగా చూడడమే సావిచ్ చేసిన కొత్త పని. ఈ సమస్యను ఆయన చిక్కుదారుల రూపంలో చెప్పాడు. అనిర్ధారిత సంవర్గమాన స్థలంలో తేలే ప్రతి సమస్యనూ ఆ చిక్కుదారిగా మార్చవచ్చని కూడా చూపాడు.

కురోడా లేవనెత్తిన మరొక ప్రశ్న సందర్భాశ్రిత భాష పూరకం కూడా సందర్భాశ్రితమేనా అన్నది. దానికి నీల్ ఇమ్మర్‌మన్, రాబర్ట్ సెలెప్చెని 1987లో విడివిడిగా ‘అవును’ అని నిరూపించారు. బాటలు రెండు వైపులా నడవగలిగినవైతే సంవర్గమాన స్థలమే చాలునని ఒమర్ రైన్‌గోల్డ్ 2005లో ప్రకటించాడు. ఒకవైపు బాటల విషయంలో మాత్రం 1970 నాటి వర్గం ఇంకా తగ్గలేదు. అది తప్పనిసరి అని కూడా ఎవరూ నిరూపించలేదు.