విండోస్ 11 నెలవారీ, వార్షిక అప్‌డేట్లు

ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే ప్యాచ్‌లో పాత సవరణలన్నీ కలిసే ఉంటాయి. అందుకే ఆరు నెలలు వాడని కంప్యూటర్‌కైనా తాజా ప్యాచ్ ఒక్కటి వేస్తే చాలు. భద్రతా లోపం బయటపడ్డాక ఏడాది ఆగడం ప్రమాదం కాబట్టి అలాంటి సవరణలు నెలనెలా వస్తాయి. వ్యవస్థ లోపలి మార్పులకు మాత్రం డ్రైవర్లతో సహా సుదీర్ఘ పరీక్ష కావాలి. అవి ఏడాదికోసారి వచ్చే ఫీచర్ అప్‌డేట్‌కు చేరతాయి.

ఈ రెండు రకాల అప్‌డేట్ల మధ్య హద్దు ఒక్కోసారి చాలా పలుచగా ఉంటుంది. 2023లో 22H2 నుంచి 23H2కు మారడానికి చిన్న ప్యాకేజీ సరిపోయింది. కొత్త ఫైళ్లు నెలవారీ ప్యాచ్‌లతో ముందే చేరి, నిద్రాణంగా ఉన్నాయి. `winver`లో 22621.2715 కాస్తా 22631.2715 అయింది: చుక్క ముందుది వార్షిక వెర్షన్, తర్వాతది నెలవారీ ప్యాచ్. 24H2కు మాత్రం వ్యవస్థనంతా మార్చాల్సి వచ్చింది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వార్షిక వెర్షన్‌కు 24 నెలల మద్దతు ముగిశాక నెలవారీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి.