వైవాలో మొదటి ఇరవై నిమిషాలు

పీహెచ్‌డీ వైవా మొదలవగానే స్కాలర్ లేచి, ఐదారేళ్ల పనిని పావుగంటలోనో ఇరవై నిమిషాల్లోనో చెబుతారు. నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలోనైనా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనైనా ఇదే వరస. నిజానికి ఈ ప్రసంగం వాదన కంటే చాలా ఆలస్యంగా పుట్టింది.

మధ్యయుగాల ఐరోపా విశ్వవిద్యాలయాల్లో వాదనే పరీక్ష. సిద్ధాంతమంటే నాలుగు ప్రతిపాదనలు. వాటిని చెప్పి, ఎదుటివాళ్ల ఆక్షేపణలకు జవాబిస్తే సరిపోయేది. పద్దెనిమిదో శతాబ్దంలో స్వీడన్‌లో లినేయస్ అధ్యక్షతన 186 సిద్ధాంతాలపై వాదన జరిగింది. వాటిలో చాలావరకు గురువే రాశాడు, శిష్యులు నిలబడి సమర్థించారు. చిన్న పుస్తకాలు కాబట్టి సారాంశంతో పెద్ద అవసరం ఉండేది కాదు.

పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాలు విద్యార్థి సొంత పరిశోధనకు పెద్దపీట వేశాయి. సిద్ధాంతం వందల పేజీలకు పెరిగింది. పరీక్షకులు దాన్ని చదివి వస్తారు, సభలో కూర్చున్నవాళ్లు చదవరు. ఆ ఎడం పూడ్చడానికే ఈ ప్రసంగం. ఫిన్లాండ్‌లో దానికి లెక్టియో ప్రెకుర్సోరియా అని లాటిన్ పేరుంది. హద్దు ఇరవై నిమిషాలు. బ్రిటన్‌లో మాత్రం వైవా చాలావరకు తలుపులు మూసుకునే జరుగుతుంది కాబట్టి అక్కడ నేరుగా ప్రశ్నలే మొదలవుతాయి.

మనం వైవాను బ్రిటన్ నుంచి తెచ్చుకున్నా, తలుపులు తెరిచి ఉంచాం. అందరి ముందూ సమర్థించాలని యూజీసీ 2009 నిబంధనల్లోనే ఉంది. పరీక్షకుల నివేదికల్లోని విమర్శలు కూడా వైవాకు ఆధారం కావాలని 2016 నిబంధనలు చెప్పాయి. నా దృష్టిలో ఆ ప్రసంగానికి అసలు బరువు తెచ్చింది ఈ రెండో మాటే.

చిల్లకూరు తీరపు సిలికా ఇసుక మీద ఒకరు సిద్ధాంతం రాశారనుకుందాం. ఆ ఇసుక గాజుకు పనికొస్తుంది. ఇనుము ఎక్కువైతే గాజు పచ్చబారుతుంది కాబట్టి, ఏ పొరలో ఎంత ఇనుముందన్నదే ప్రశ్న. చాలామంది మండలం, వాతావరణం, పాత పరిశోధనల స్లైడ్లతోనే సగం సమయం గడిపేస్తారు. ఫలితాలకు వచ్చేసరికి గైడ్ గడియారం చూస్తుంటారు. తొందరలో పట్టికలు పరుగెడతాయి. పరీక్షకుడు "ఇంతకీ మీరు కొత్తగా కనుక్కున్నదేమిటి?" అని అడిగాడంటే ప్రసంగం గురి తప్పినట్టే.

గట్టి స్కాలర్ ప్రశ్నను రెండు వాక్యాల్లో చెప్పి, నమూనాలు ఎక్కడ, ఎంత లోతులో తీశారో మ్యాపు మీద చూపి, రెండు మూడు ఫలితాల దగ్గర నిలుస్తారు. వేసవి నమూనాలే తీసి ఉంటే, వానాకాలంలో నీరు ఊరినప్పుడు ఇనుము కదలికను ఈ పని చెప్పలేదని ముందే ఒప్పుకుంటారు. నివేదికలో ఆ ఆక్షేపణ ఉంటే దానికి సిద్ధాంతంలో ఏ పేజీలో ఏం చేర్చారో స్లైడు మీద చూపిస్తారు. అక్కడి నుంచి ప్రశ్నలు మండలం గురించి కాక, ఇసుక పొరల గురించే వస్తాయి.