క్రెడిట్ స్కోరు: బిల్లు పూర్తిగా కడుతున్నా ఎందుకు పెరగట్లేదు?

ఉద్యోగంలో చేరి ఏడాదైంది. నెలకు 40 వేల జీతం. క్రెడిట్ కార్డు బిల్లు ఒక్క నెల కూడా ఆపలేదు. అయినా బైక్ లోన్‌కు వెళితే స్కోరు అనుకున్నంత లేదన్నారు. మీకూ ఇలాంటి అనుభవం ఎదురైందా? అయితే ముందుగా ఆ స్కోరు దేన్ని కొలుస్తుందో తెలుసుకోవాలి.

స్కోరు దేనికి?

300 నుంచి 900 మధ్య ఉండే ఈ అంకె మీ సంపాదనకు కొలమానం కాదు. మీ జీతం, పొదుపు ఖాతాలోని డబ్బు, యూపీఐ చెల్లింపులు స్కోరు లెక్కలోకి రావు. తీసుకున్న అప్పును మీరు సమయానికి తీరుస్తారా, లేదా అన్న అంచనా మాత్రమే అది. బ్యాంకులు పంపే వివరాలతో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు దీన్ని వేర్వేరుగా లెక్కిస్తాయి. అందుకే ఒకే వ్యక్తికి నాలుగు చోట్లా ఒకే స్కోరు ఉండకపోవచ్చు.

త్వరగా మారేది ఇదే

కొత్తగా కార్డు తీసుకున్నవారి స్కోరును త్వరగా కదిలించేది లిమిట్‌లో ఎంత వాడుకున్నారన్న శాతం. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీరు బిల్లు కట్టేశాక ఎంత మిగిలిందన్నది కాదు, బ్యాంకు వివరాలు పంపే నాటికి కార్డుపై ఎంత బాకీ ఉందన్నదే నివేదికలోకి వెళుతుంది. అది ఆ రోజు తీసిన ఫొటో లాంటిది.

ఒక లెక్క చూద్దాం. మీ కార్డు లిమిట్ 50 వేలు. ప్రతి నెలా 12న బిల్లు తయారవుతుంది, కట్టడానికి గడువు వచ్చే నెల 1. అద్దె, సరుకులు, పెట్రోలు అన్నీ కార్డుతోనే కాబట్టి బిల్లు 32 వేలు వస్తోంది. గడువులోగా మొత్తం కట్టేస్తున్నారు, వడ్డీ పడటం లేదు. కానీ బిల్లు నాటి బాకీనే బ్యాంకు పంపితే, నివేదికలో కనిపించేది 64 శాతం వాడకం. చూసేవారికి మీరు అప్పు మీదే నెల గడుపుతున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు 10వ తేదీనే యాప్‌లో 20 వేలు కట్టేయండి. 12న వచ్చే బిల్లు 12 వేలే. అంటే వాడకం 24 శాతం. ఖర్చు అంతే, కట్టిన డబ్బూ అంతే. మారింది తేదీ మాత్రమే. వాడకం 30 శాతం లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. అది చట్టం కాదు, ఎంత తక్కువైతే అంత మంచిది.

బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కాబట్టి ఈ మార్పు ఒకటి రెండు నెలల్లోనే కనిపించవచ్చు. మీ బ్యాంకు ఏ తేదీ బాకీని పంపుతోందో నివేదికలో కార్డు వివరాల దగ్గర చూస్తే తెలుస్తుంది. దానికి రెండు మూడు రోజుల ముందు కట్టడం అలవాటు చేసుకోండి.

త్వరగా దెబ్బతీసేది

వాడకం శాతం వచ్చే నెలకు సరిదిద్దుకోవచ్చు. గడువు తప్పిన బాకీ అలా కాదు. గడువు దాటి 3 రోజులకు మించితే బ్యాంకు దాన్ని ఆలస్యంగా నమోదు చేయవచ్చు. సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపుల చరిత్ర కనిపిస్తుంది. 800 రూపాయల బాకీ మరిచిపోయినా మరక మరకే. ‘ఇప్పుడు కొని తర్వాత కట్టండి’ అనే యాప్‌లలో చాలావరకు ఇచ్చేవి కూడా అప్పులే. వాటి చిన్న వాయిదా తప్పినా నమోదు కావచ్చు.

ఆటోపే పెట్టేటప్పుడు కనీస మొత్తం కాకుండా పూర్తి మొత్తాన్ని ఎంచుకోండి. కనీస మొత్తం కడితే ఆలస్యం పడదు కానీ, మిగిలిన బాకీపై వడ్డీ పెరుగుతుంది, వాడకం శాతమూ తగ్గదు. జీతం 1న పడి గడువూ 1నే అయితే, జీతం కాస్త ఆలస్యమైనా ఆటోపే విఫలమవుతుంది. బిల్లు తేదీ మార్చమని బ్యాంకును అడగండి, ఆ వెసులుబాటు ఉంది.

లోన్ కోసం ఒకే వారంలో నాలుగైదు యాప్‌లలో దరఖాస్తు చేయడమూ స్కోరును తగ్గిస్తుంది. ప్రతి దరఖాస్తూ ఒక విచారణగా నమోదవుతుంది. మీ స్కోరు మీరే చూసుకుంటే మాత్రం తగ్గదు.

తప్పులుంటే?

ప్రతి సంస్థ నుంచీ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు. అందులో మీది కాని అప్పు, కట్టేసినా బాకీగా చూపుతున్న ఖాతా కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. లోన్‌కు వెళ్లే రోజున కాదు, కనీసం మూడు నెలల ముందే ఈ పని పూర్తి చేసుకోండి.