గర్భం నిలవకపోతే: నింద నుంచి నిజం దాకా

నెల తప్పింది. పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. తొమ్మిదో వారంలో రక్తస్రావమై గర్భం పోయింది. ఆ మర్నాటి నుంచే ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి. బొప్పాయి తిన్నావా? ఆటోలో ఎందుకు తిరిగావు? బిందె ఎత్తావా? ఎవరూ అడగకపోయినా ఆమె తనను తానే ప్రశ్నించుకుంటుంది. ఈ ప్రశ్నలు వేల ఏళ్లనాటివి. సరైన జవాబు దొరికి మాత్రం అరవై ఏళ్లు దాటిందంతే. అది ఎలా దొరికిందో తెలిస్తే ఆ ప్రశ్నలు అడగాల్సిన అవసరం ఉండదు.

కంటికి కనిపించిన కారణాలు

సుశ్రుత సంహిత నిదానస్థానంలో గర్భం జారిపోవడం గురించిన చర్చ ఉంది. నాలుగో నెల వరకు పోతే స్రావమనీ, అయిదారు నెలల్లో పోతే పాతమనీ అక్కడ విడదీశారు. పురుగు పట్టో, గాలి కొట్టో, దెబ్బ తగిలో పిందె రాలినట్టే గర్భమూ కాలం తీరకముందే జారిపోతుందని పోల్చారు. బండి ప్రయాణం, దూరపు నడక, జారిపడటం, దెబ్బలు తగలడం వంటివి కారణాలుగా చెప్పారు. గర్భంలోకి తొంగిచూసే సాధనం లేని కాలంలో బయట జరిగినదాన్నే కారణంగా ఎంచడంలో ఆశ్చర్యం లేదు. మన ఇళ్లలోని జాగ్రత్తలూ, భయాలూ చాలావరకు ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

ఇరవయ్యో శతాబ్దంలో హార్మోన్లను గుర్తించాక వైద్యుల చూపు లోపలికి మళ్లింది. కానీ అనుమానం తల్లి మీదే నిలిచింది. అమెరికాలోని బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో ఫ్రీ హాస్పిటల్ ఫర్ విమెన్ అనే ఆసుపత్రి ఉండేది. అక్కడి జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ దంపతులు, తల్లి ఒంట్లో హార్మోన్లు తగ్గడం వల్లే గర్భం నిలవడం లేదని నమ్మారు. 1940లలో డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను గర్భిణులకు ఇవ్వమని సిఫారసు చేశారు. ఆ మందు అమెరికా అంతటా వ్యాపించింది. 1953లో షికాగోలో విలియం డీక్‌మన్ బృందం దాదాపు 1600 మంది గర్భిణులను తీసుకుని సగం మందికి ఆ మందు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసింది. గర్భం నిలవడంలో మందు వల్ల ఏ మేలూ కనిపించలేదు. అయినా వాడకం ఆగలేదు.

1971లో ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఒక భయంకరమైన సంగతి బయటపెట్టారు. చిన్న వయసు అమ్మాయిలలో అత్యంత అరుదైన యోని క్యాన్సర్ కేసులు 8 వచ్చాయి. వారిలో 7 మంది తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడారు. ఆ ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు ఆ మందు ఇవ్వకూడదని చెప్పింది. కారణాన్ని తప్పుగా ఊహిస్తే తల్లికి మిగిలేది నింద ఒక్కటే కాదు, కడుపున పుట్టిన బిడ్డకూ హాని జరగవచ్చని ఆ చరిత్ర చెబుతోంది.

అదే ఆసుపత్రిలో అసలు ఆధారం

స్మిత్ దంపతులు పనిచేసిన ఆ ఆసుపత్రిలోనే జాన్ రాక్, ఆర్థర్ హెర్టిగ్ అనే మరో ఇద్దరు వైద్యులు 1938 నుంచి ఇంకో దారిలో వెతుకుతున్నారు. వేరే జబ్బుల వల్ల గర్భసంచి తీసేయాల్సి వచ్చిన స్త్రీల నెలసరి వివరాలు నమోదు చేసి, తీసిన గర్భసంచులను అణువణువూ గాలించారు. ఫలదీకరణ జరిగి 17 రోజులు దాటని పిండాలు 34 దొరికాయి. తల్లికి తాను గర్భవతినన్న ఊహ కూడా రాని దశ అది. అంత తొలి రోజుల్లోనే వాటిలో చెప్పుకోదగ్గ భాగం సరిగా ఏర్పడకుండా ఉండటం వాళ్లు చూశారు. ప్రయాణాలూ, బరువులూ, భయాలూ ఏవీ మొదలుకాకముందే లోపం పిండంలో ఉంది. అది ఎలాంటి లోపమో మాత్రం వాళ్ల సూక్ష్మదర్శినికి అందలేదు.

1956లో స్వీడన్‌లోని లుండ్‌లో టియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు మనిషి కణంలో ఉండే క్రోమోజోములు 46 అని సరిగ్గా లెక్క తేల్చారు. ఆ లెక్క తెలిశాకే, పోయిన గర్భాల్లో లెక్క తప్పిందేమో చూడటం సాధ్యమైంది. కెనడాలోని లండన్ అనే ఊళ్లో డేవిడ్ కార్, గర్భస్రావమైనప్పుడు పడిన కణజాలాన్ని ప్రయోగశాలలో పెంచి క్రోమోజోములు లెక్కపెట్టాడు. 1965లో ప్రచురించిన 200 కేసుల్లో 44 కేసుల్లో లెక్క తప్పింది. పారిస్‌లో జోయెల్ బువే, ఆంద్రే బువే దంపతులు తొలి వారాల గర్భస్రావాల మీదే దృష్టి పెట్టి దాదాపు 1500 కేసులు పరీక్షించారు. 1975లో వెలువడిన వాళ్ల ఫలితాల్లో ప్రతి పదింటిలో ఆరింటికి క్రోమోజోముల లోపం ఉంది. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా కారణం ఇదేనని తర్వాతి పరిశోధనలూ నిర్ధారించాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఆడబిడ్డ తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలన్నీ తయారవుతాయి. ఒక్కో కణంలో క్రోమోజోములు జతలుగా అంటిపెట్టుకుని, పని సగంలో ఆపి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి. అండం విడుదలయ్యే నెలలో ఆ జతలు విడిపోయి సగం అండంలో ఉండాలి, సగం బయటికి పోవాలి. జతను పట్టి ఉంచే ప్రొటీన్లు ఏళ్లు గడిచేకొద్దీ సడలుతాయి. అందువల్ల ఒక్కోసారి జత విడిపోకుండా రెండూ ఒకే పక్క ఉండిపోతాయి. వయసుతో గర్భస్రావాలు పెరగడానికి ముఖ్య కారణం ఇదే. నార్వేలో దేశమంతటి గర్భాల నమోదులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 25-29 ఏళ్ల స్త్రీలలో గర్భస్రావాలు నూటికి 10, 45 దాటినవారిలో 53. అయితే ఈ పొరపాటు ఇరవై ఏళ్ల అమ్మాయి అండంలోనూ జరుగుతుంది. దాన్ని ఆపగల ఆహారం లేదు, మందు లేదు, విశ్రాంతి లేదు.

ఒక గర్భాన్ని మొదటి నుంచి చూద్దాం. ఖమ్మంలో ఉండే ఒక ఉద్యోగిని అనుకోండి. వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. రెండో వారం చివర అండం విడుదలైంది. అందులో 16వ క్రోమోజోము ఒకటికి బదులు రెండు ఉన్నాయి. వీర్యకణం మరొకటి తెచ్చింది కనుక పిండంలో మూడయ్యాయి. గర్భస్రావాల్లో ఎక్కువగా కనిపించే అదనపు క్రోమోజోము ఇదే. కణాలన్నింటిలో ఈ లోపమున్న పిండం పుట్టే దాకా బతకదు. అయినా అది గర్భసంచికి అంటుకుంది, హార్మోను విడుదలైంది, పరీక్షలో గీతలు వచ్చాయి, వేవిళ్లు మొదలయ్యాయి. ఆరున్నర వారాల దగ్గర పిండం ఎదుగుదల ఆగిపోయింది. ఆమెకు ఏమీ తెలియలేదు, ఎందుకంటే మాయ ఇంకొన్నాళ్లు హార్మోను తయారుచేస్తూనే ఉంటుంది. తొమ్మిదో వారంలో ఆమె బస్సులో హైదరాబాద్ వెళ్లొచ్చింది. మర్నాడు ఎర్రమరక కనిపించింది. స్కానింగ్‌లో పిండం పొడవు 8 మిల్లీమీటర్లు, గుండె కొట్టుకోవడం లేదు.

ఇంట్లో అందరూ బస్సు ప్రయాణాన్నే తప్పుపడతారు. కానీ 8 మిల్లీమీటర్లంటే ఆరున్నర వారాల ఎదుగుదల. బస్సెక్కడానికి రెండు వారాల ముందే పిండం ఆగిపోయింది. మనకు కనిపించే రక్తస్రావం ఆ కథకు మొదలు కాదు, చివరి అంకం.

ఇక్కడ తొందరపాటు తీర్పు పనికిరాదు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో పిండం 7 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉండి గుండె కొట్టుకోకపోతేనే, లేదా సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లకు చేరినా లోపల పిండం కనబడకపోతేనే గర్భం పోయిందని నిర్ధారిస్తారు. అంతకన్నా చిన్నగా ఉంటే వారం, పది రోజులాగి మళ్లీ చూడాలి. మరక కనిపించిన ప్రతి గర్భమూ పోదు, చాలావరకు నిలుస్తాయి. అయితే విపరీతమైన రక్తస్రావం, ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, జ్వరం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం గర్భసంచి బయట నాళంలో ఉండి ఉండవచ్చు, అది ప్రాణాపాయం.

ఎంతమందికి జరుగుతుంది

నార్త్ కరోలినాలో ఆలెన్ విల్‌కాక్స్ బృందం, గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల చేత రోజూ ఉదయం మూత్రం నమూనా తీయించి ఇంట్లోని ఫ్రీజర్‌లో దాయించింది. 1988లో ఫలితాలు వచ్చాయి. గుర్తించిన 198 గర్భాల్లో 22 శాతం నెల తప్పినట్టు తెలిసేలోపే పోయాయి. తర్వాత పోయినవీ కలిపితే 31 శాతం. తెలిసిన గర్భాలనే లెక్కేసినా నూటికి పదిహేను దాకా పోతాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతాయని 2021లో లాన్సెట్ వైద్య పత్రిక అంచనా వేసింది. మీ వీధిలో, మీ చుట్టాల్లో ఈ బాధ పడినవాళ్లు తప్పక ఉంటారు. ఎవరూ బయటికి చెప్పుకోరు కనుక ప్రతి స్త్రీ తనకొక్కదానికే జరిగిందనుకుంటుంది.

ఇది దేనికి రుజువు కాదు

ఒక గర్భం పోవడం ఆమె ఒంట్లో లోపానికి రుజువు కాదు. ఆ అండంలో జరిగిన పొరపాటు తర్వాతి అండంలో జరగాలని లేదు. ఒకసారి పోయినవారిలో అత్యధికులకు తర్వాతి గర్భం నిలుస్తుంది. మామూలు ఇంటిపని, ఉద్యోగం, ప్రయాణం, భార్యాభర్తల కలయిక దీనికి కారణాలు కావు. మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికీ ఆధారం లేదు.

అన్ని గర్భస్రావాలూ క్రోమోజోముల వల్లే కావు. అదుపులో లేని మధుమేహం, థైరాయిడ్ సమస్య, పొగ, మద్యం ప్రమాదాన్ని పెంచుతాయి. వరసగా గర్భాలు పోతుంటే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష, గర్భసంచి ఆకారం చూసే స్కానింగ్, అవసరమైతే భార్యాభర్తలిద్దరి క్రోమోజోముల పరీక్ష చేయించాలి. భర్త వైపు నుంచి వచ్చే కారణాలూ ఉన్నాయి కనుక పరీక్షలు ఇద్దరివీ. మన దగ్గర ఇప్పటికీ రాస్తున్న టార్చ్ పరీక్ష ఇందుకు ఉపయోగపడదని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల 2011 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ప్రొజెస్టెరాన్ కూడా అందరికీ అవసరం లేదు. ముందొకసారి గర్భం పోయి, ఈసారి తొలి వారాల్లో రక్తం కనిపించినవారికి కొంత మేలు చేస్తుందని 2019లో వెలువడిన ప్రిజమ్ అధ్యయనం సూచించింది.

అత్తలకు, అమ్మలకు, భర్తలకు ఒక్క మనవి. గర్భం పోయిన ఆడపిల్లను ఏం తిన్నావనీ, ఎక్కడికెళ్లావనీ అడగకండి. నీ తప్పేమీ లేదని ఆమెకు మీ నోటితో చెప్పండి. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, పరీక్షల్లో తేలిన నిజం.