గిటార్ సోలోలో ఊపిరి

బిగ్ బ్యాండ్ల కాలంలో గిటార్‌ది వెనక వరసే. ట్రంపెట్ల, శాక్సోఫోన్ల హోరులో దాని గొంతు వినపడేది కాదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ యాంప్లిఫయర్ అండతో దాన్ని ముందుకు తెచ్చాడు. శాక్సోఫోన్ తరహాలో ఒక్కో స్వరాన్నీ విడిగా పలికించాడు. అయితే శాక్సోఫోన్ ఊదేవాడు ఎక్కడో ఒకచోట ఊపిరి పీల్చుకోవాలి. గిటారిస్టుకు ఆ అవసరం లేదు. వేళ్లు అలిసేదాకా వాయిస్తూనే పోవచ్చు. అసలు చిక్కంతా అక్కడే.

బి.బి. కింగ్ ఆ చిక్కులో పడలేదు. ఒక పాదం పాడి, గొంతు ఆపి, గిటార్‌తో జవాబు చెప్పేవాడు. బంధువు బుక్కా వైట్ స్లయిడ్‌తో తీసే నాదం తనకు పట్టుబడక, ఎడమచేతి వేలితో తీగను ఊపి దానికి దగ్గరగా వచ్చాడు. 1969 నాటి ‘ది థ్రిల్ ఈజ్ గాన్’ వినేటప్పుడు రెండు సంగతులు గమనించండి. సాగదీసిన తీగ అనుకున్న స్వరాన్ని సరిగ్గా అందుకుందా, కాస్త కిందే ఆగిపోయిందా? అందుకున్నాక ఆ ఊపు నిలకడగా ఉందా, వణుకులా ఉందా? వీణ గమకాలకు అలవాటుపడ్డ చెవి దీన్ని ఇట్టే పట్టేస్తుంది. వేగంగా వెళ్లిపోయే స్వరాల్లో ఈ తప్పులు దాక్కుంటాయి. నిలిపిన స్వరంలో దాచడానికి చోటుండదు.

అరవైలలో యాంప్లిఫయర్‌ను గట్టిగా పెంచి, నాదాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ పద్ధతి స్థిరపడింది. దాంతో స్వరం ఎక్కువసేపు నిలిచింది. కానీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా తేడా తగ్గిపోయింది. వేగంగా వాయించడం సులువైంది, వేలి స్పర్శ వినపడటం కష్టమైంది. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ ‘ఎరప్షన్’లో కుడిచేతి వేళ్లతో కూడా మెట్ల మీద కొట్టి స్వరాలు తీశాడు. రెండు నిమిషాలు కూడా నిండని ఆ ముక్కలో వేగంతో పాటు తూగు కూడా ఉంది. అనుకరించినవాళ్లలో చాలామందికి అబ్బింది వేగమే.

మరుసటి ఏడాదే పింక్ ఫ్లాయిడ్ ‘కంఫర్టబ్లీ నమ్’ వచ్చింది. అందులో డేవిడ్ గిల్మర్ సోలోలు రెండు. మొదటిది మేజర్‌లో, వెలుతురుగా ఉంటుంది. చివరిది మైనర్‌లో, నాదం కూడా ముదురు. ఆ చివరి సోలో ఏకబిగిన పుట్టింది కాదు. కొన్నిసార్లు వాయించి, బాగున్న ముక్కలు ఏరి కూర్చాడు. అయినా అతుకులు తెలియవు, ఒక పలుకు ముగిశాకే మరోటి ఎత్తుకుంటుంది కాబట్టి. ఒకటి రెండుసార్లు విన్నాక గిటార్ లేకుండా దాన్ని కూనిరాగంగా తీసి చూడండి, చాలావరకు వచ్చేస్తుంది. నా మటుకు ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు.

1991లో ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’లో కర్ట్ కొబేన్ పాడిన వరసనే దాదాపు యథాతథంగా గిటార్ మీద వాయించాడు. వేగంతో కొలిస్తే సున్నా మార్కులు. ఆ పాటకు మాత్రం అంతకు మించి ఒక్క స్వరం కలిపినా ఎక్కువే అయ్యేది.